ఫోటోలో వచ్చిన ఇన్‌వాయిస్ లెక్క కుదరకపోతే: తేడా ఎంతో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది

సంక్షిప్తంగా: ఫోన్‌తో తీసిన ఇన్‌వాయిస్‌లో లెక్క కుదరకపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. బిల్లు రాసినవారే తప్పు చేసి ఉండొచ్చు, లేదా ఫోటో నుంచి అంకెలు ఎక్కించుకునేటప్పుడు పొరపాటు జరిగి ఉండొచ్చు. ఈ రెండింటినీ విడదీయడానికి ఎక్కువగా ఉపయోగపడేది తేడా మొత్తమే. అది ఎంత, ఎన్ని చోట్ల కనిపించింది, దేనితో భాగిస్తే సరిగ్గా పోతోంది అన్నవి చూస్తే తప్పు చోటు చాలావరకు బయటపడుతుంది. పన్ను విషయంలో, బిల్లులో వేసిన పన్నును రేటుతో వెనక్కి భాగించి చూడటం మంచి పద్ధతి.

## రెండు తప్పులు, ఒకే లక్షణం

కాగితం బిల్లు చేతిలో ఉన్నప్పుడు అనుమానం వస్తే అంకెను మళ్లీ చూడొచ్చు, కాగితాన్ని వెలుతురులోకి తిప్పొచ్చు. ఫోటో విషయంలో ఆ వీలు తక్కువ. కాగితం మడత మీద నీడ పడితే 3 కాస్తా 8 లాగా కనిపిస్తుంది. 1, 7 ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. 5, 6 కలిసిపోతాయి. వేడితో అచ్చయ్యే రసీదు కాగితం పాతబడితే దశాంశ చుక్క ముందుగా మాయమవుతుంది. కాగితం వంగి ఉండగా ఫోటో తీస్తే వరుసలు కుడివైపుకు వెళ్లేకొద్దీ పైకో కిందికో జారుతాయి. అప్పుడు మూడో వరుస వస్తువుకు నాలుగో వరుస మొత్తం చేరిపోతుంది.

ఇలాంటి చోట లెక్క తేడా వస్తే ఎవరి తప్పో వెంటనే చెప్పలేం. రెండు వైపులా నష్టం ఉంది. చదవడంలో పొరపాటు మనదైతే, సరైన బిల్లు పంపినవారిని సరిదిద్దమని అడుగుతాం. బిల్లులోనే తప్పు ఉంటే, ‘ఫోటో సరిగా లేదు కదా’ అని సర్దుకుని దాన్ని దాటేస్తాం. రెండోది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఆ తప్పు చెల్లింపులోకీ, పన్ను లెక్కల్లోకీ వెళ్లిపోతుంది.

ఫోటో స్పష్టంగా ఉందంటే అంకెలు నమ్మొచ్చు అనుకోవడం కూడా అన్నివేళలా సరికాదు. 2013లో జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీసెల్, కొన్ని జిరాక్స్ కంపెనీ స్కానర్-కాపియర్లు పత్రాల్లోని అంకెలను మార్చేస్తున్నాయని చూపించారు. 6 ఉన్న చోట 8 వచ్చేది, అదీ చాలా స్పష్టంగా. ఫైలు చిన్నదిగా ఉండాలని ఒకేలా కనిపించే అక్షరాలకు ఒకే బొమ్మను వాడే జేబిగ్2 అనే కుదింపు పద్ధతి దానికి కారణం. ఫోన్ కెమెరాలు సాధారణంగా వాడే జేపెగ్ అలా అంకెను మార్చదు, మసకబరుస్తుంది. కాబట్టి ఫోన్ ఫోటోలో అనుమానం వచ్చిన అంకె చాలావరకు మసకగానే కనిపిస్తుంది. అదే స్కాన్ చేసిన ఫైలును ఎవరో మళ్లీ ఫోటో తీసి పంపితే ఆ భరోసా ఉండదు.

## బిల్లులో ప్రతి అంకెకూ బంధువులున్నారు

ఇన్‌వాయిస్‌లో అంకెలు విడివిడిగా ఉండవు. పరిమాణాన్ని ఒక్కోదాని ధరతో గుణిస్తే ఆ లైను మొత్తం రావాలి. లైను మొత్తాలన్నీ కలిపితే ఉపమొత్తం రావాలి. అందులోంచి డిస్కౌంట్ తీసేస్తే పన్ను పడే విలువ, దాని మీద రేటు వేస్తే పన్ను, ఆ రెండూ కలిపితే చెల్లించాల్సిన మొత్తం.

ఇక్కడ గమనించాల్సింది లైను మొత్తం. అది రెండు లెక్కల్లో ఉంటుంది: ఒకవైపు గుణకారానికి ఫలితం, మరోవైపు కూడికలో ఒక భాగం. పరిమాణం, ధర మాత్రం గుణకారంలో తప్ప ఇంకెక్కడా కనిపించవు. ఈ చిన్న తేడా వల్లే తప్పును వెతకడం సాధ్యమవుతుంది. గుణకారం, కూడిక రెండూ ఒకే మొత్తంతో తప్పితే, రెండింటిలోనూ ఉన్న లైను మొత్తమే అనుమానించదగ్గది. గుణకారం ఒక్కటే తప్పి కూడిక కుదిరితే, లైను మొత్తం సరిగానే ఉందనుకుని పరిమాణాన్నీ ధరనూ చూడాలి. కూడిక ఒక్కటే తప్పితే ఉపమొత్తాన్నో, ఫోటోలో కోసుకుపోయిన ఒక లైనునో, రెండు పేజీల బిల్లులో ముందు పేజీ నుంచి తెచ్చిన మొత్తాన్నో చూడాలి.

స్ప్రెడ్‌షీట్‌లో దీనికి పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. పరిమాణం B, ధర C, లైను మొత్తం D గడుల్లో ఉంటే పక్క గడిలో ఇంత చాలు:

```
=ROUND(ROUND(B2*C2,2)-D2,2)
```

ఫలితం సున్నా అయితే ఆ లైను కుదిరినట్టు. సున్నా కాకపోతే ఆ తేడాను చెరిపేయకుండా అక్కడే ఉంచాలి, తర్వాత దానితోనే పని ఉంటుంది. ‘తప్పు’, ‘ఒప్పు’ అని మాత్రమే చూపించేలా పెడితే, తప్పును వెతకడానికి కావలసిన ఆధారమే కనిపించకుండా పోతుంది. అలాగే లైను మొత్తాన్ని ఫార్ములాతో నింపకుండా ఫోటోలో కనిపించినట్టే టైపు చేయాలి. ఫార్ములాతో నింపితే మన లెక్కను మనమే సరిచూసుకున్నట్టవుతుంది.

## ఒక బిల్లు, మూడు తేడాలు

నాలుగు లైన్ల ఇన్‌వాయిస్ ఒకటి ఊహించుకుందాం. మూడు లైన్ల మీద పన్ను 18 శాతం, ఒకదాని మీద 5 శాతం. ధరల్లో పన్ను కలపలేదు. ఫోటో చూసి ఎక్కించిన అంకెలు ఇవి:

| లైను | పరిమాణం | ధర | లైను మొత్తం | పన్ను శాతం |
|---|---|---|---|---|
| 1 | 12 | 845.50 | 4,146.00 | 18 |
| 2 | 7 | 128.35 | 889.45 | 18 |
| 3 | 25 | 64.20 | 1,605.00 | 5 |
| 4 | 3 | 1,249.99 | 3,749.97 | 18 |

కింద ఉపమొత్తం 10,399.42 అని ఉంది. 5 శాతం డిస్కౌంట్ 519.97, అది తీసేశాక 9,879.45. 18 శాతం పన్ను 1,583.00, 5 శాతం పన్ను 80.25, మొత్తం పన్ను 1,663.25. చెల్లించాల్సింది 11,542.70.

మొదటి లైనులో 12ను 845.50తో గుణిస్తే 10,146.00 వస్తుంది. బిల్లులో 4,146.00 ఉంది, అంటే తేడా 6,000. ఇంత పెద్ద తేడా చూడగానే టెన్షన్ పడటం సహజం. కానీ లైను మొత్తాలన్నీ కూడి చూస్తే 10,390.42 వస్తుంది, ఉపమొత్తంతో తేడా 9 మాత్రమే. 4,146.00లోనే 6,000 తప్పు ఉంటే కూడికలోనూ అంత తేడా రావాలి. రాలేదు కాబట్టి తప్పు పరిమాణంలోనో ధరలోనో ఉంది. పరిమాణం తప్పనుకుంటే 4,146ను 845.50తో భాగించాలి, అప్పుడు 4.90 దాకా వస్తుంది. పూర్ణసంఖ్య కాదు కాబట్టి ఆ దారి మూసుకుంది. ధర తప్పనుకుంటే 6,000ను 12తో భాగిస్తే సరిగ్గా 500. అంటే వందల స్థానంలో ఒకే అంకె 5 ఎక్కువైంది: 3ను 8గా చదివారు. అసలు ధర 345.50. ఫోటోలో ఆ అంకెను పెద్దది చేసి చూస్తే ఎడమవైపు గీతలాంటిది నీడ అని తేలుతుంది. ఇది బిల్లు తప్పు కాదు.

రెండో లైనులో 7ను 128.35తో గుణిస్తే 898.45. ఎక్కించింది 889.45. తేడా 9.00. కూడికలో వచ్చిన తేడా కూడా 9.00. రెండు చోట్లా ఒకే మొత్తం కాబట్టి రెండింటిలోనూ ఉన్న లైను మొత్తమే తప్పు. పైగా ఈ తేడా 9తో పోతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో భాగించబడుతుంది. పదుల స్థానంలో 9, ఒకట్ల స్థానంలో 8 ఉండాల్సింది అటూ ఇటూ అయితే 98 కాస్తా 89 అవుతుంది, తేడా 9. లెక్కలు రాసేవారు ఎంతో కాలంగా వాడుతున్న సూత్రమిది. అయితే ఇది సూచన మాత్రమే. ఏ తేడా అయినా యాదృచ్ఛికంగా 9తో పోయే అవకాశం దాదాపు తొమ్మిదిలో ఒకటి ఉంటుంది. ఇక్కడ నమ్మకం కలగడానికి కారణం 9తో పోవడం ఒక్కటే కాదు, రెండు లెక్కలూ ఒకే లైనును చూపించడం. ఫోటోలో 898.45 స్పష్టంగానే ఉంది. టైపు చేసేటప్పుడు చెయ్యి తప్పింది.

ఈ రెండూ సరిచేశాక గుణకారాలు కుదిరాయి, కూడిక కుదిరింది, డిస్కౌంట్ కూడా కుదిరింది. చివర్లో 9,879.45కు 1,663.25 కలిపితే 11,542.70 సరిగ్గా వస్తుంది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఈ బిల్లులో అసలు తప్పు మిగిలింది మాత్రం ఇక్కడే.

## పన్నును వెనక్కి భాగించడం

పన్ను సరిచూసేటప్పుడు సాధారణంగా విలువ మీద రేటు వేసి, వచ్చింది బిల్లుతో పోలుస్తారు. కుదరకపోతే కుదరలేదని తెలుస్తుందే తప్ప ఎందుకో తెలియదు. దానికి బదులు బిల్లులో ఉన్న పన్నును రేటుతో భాగిస్తే, ఆ పన్ను ఏ విలువ మీద వేశారో బయటికి వస్తుంది.

1,583.00ను 0.18తో భాగిస్తే 8,794.44 వస్తుంది. 18 శాతం లైన్లు మూడూ కలిపితే 8,794.42. పన్నును రెండు దశాంశాలకు సవరించి ఉంటారు కాబట్టి వెనక్కి భాగించినప్పుడు 0.03 వరకు అటూ ఇటూ రావడం మామూలే. 80.25ను 0.05తో భాగిస్తే 1,605.00, అంటే మూడో లైను మొత్తమే. రెండూ డిస్కౌంట్ తీయకముందు విలువలు. బిల్లు తయారుచేసినవారు డిస్కౌంట్‌ను ధరలోంచి తీశారు గానీ, పన్ను మాత్రం పాత విలువ మీదే వేశారు.

డిస్కౌంట్ తీశాక 18 శాతం వర్గం విలువ 8,354.70, దాని మీద పన్ను 1,503.85. 5 శాతం వర్గం విలువ 1,524.75, పన్ను 76.24. మొత్తం 1,580.09. బిల్లులో వేసింది దీనికన్నా 83.16 ఎక్కువ. ఆ 83.16 బిల్లులోని పన్నులో సరిగ్గా 5 శాతం, డిస్కౌంట్ శాతం కూడా అంతే. తేడా ఇలా బిల్లులోని మరో శాతంతో సరిపోతే అది చదవడంలో పొరపాటు కాదు. ఒక అంకెను తప్పుగా చదివితే తేడా ఆ అంకె స్థానాన్ని బట్టి 5, 50, 300 లాగా ఒకే అంకె వెనుక సున్నాలతో వస్తుంది. పన్ను వేసే పద్ధతిలో తప్పుంటే తేడా ఒక నిష్పత్తిలో వస్తుంది.

అయినా దీన్ని వెంటనే తప్పు అనేయడానికి వీల్లేదు. అమ్మకం సమయంలోనే ఇచ్చి బిల్లులో చూపించిన డిస్కౌంట్‌ను చాలా దేశాల పన్ను చట్టాలు విలువలోంచి తీసేయనిస్తాయి. తొందరగా చెల్లిస్తేనే వర్తించే షరతుల డిస్కౌంట్‌కు నియమం వేరుగా ఉండొచ్చు. కాబట్టి డిస్కౌంట్ పక్కన ఏం రాసి ఉందో ఫోటోలో చూడాలి. చిన్న అక్షరాల్లో షరతు ఉండి ఆ భాగం ఫోటోలో పడకపోతే, తీర్పు చెప్పేముందు పూర్తి పేజీ తెప్పించుకోవాలి.

ఇదే పద్ధతి ఇతర తప్పులనూ పట్టిస్తుంది. వెనక్కి భాగిస్తే వచ్చిన విలువ లైన్ల మొత్తం కన్నా ఎక్కువగా ఉండి, ఆ ఎక్కువ రవాణా ఖర్చుతో సమానమైతే, రవాణా మీద కూడా పన్ను వేశారని అర్థం. అది సరైనదే కావొచ్చు, కానీ ఏ రేటు వేశారో చూడాలి. ఒక వర్గం విలువ మరో వర్గంలో తేలితే వస్తువుకు రేటు మారిపోయింది. ధరలోనే పన్ను కలిసి ఉన్న బిల్లుల్లో ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. పన్నుతో కలిపి 1,180 అయితే, 18 శాతం రేటుకు అందులో పన్ను 180. అది 1,180ని 118తో భాగించి 18తో గుణిస్తే వస్తుంది. అలా కాకుండా 1,180 మీదే 18 శాతం వేస్తే 212.40 వస్తుంది. ఈ రెండింటి నిష్పత్తి సరిగ్గా 1.18, అంటే తేడా తానే తన కారణం చెబుతోంది.

## చివరి దశాంశం దగ్గర వచ్చే తేడా

కొన్ని తేడాలు తప్పులే కావు. ఒక్కో లైను 10.03 చొప్పున మూడు లైన్లు, పన్ను 18 శాతం అనుకుందాం. లైను వారీగా పన్ను వేస్తే ఒక్కోదానికి 1.8054, సవరిస్తే 1.81, మూడింటికి 5.43. మూడూ కలిపి 30.09 మీద వేస్తే 5.4162, సవరిస్తే 5.42. రెండూ సరైన గుణకారాలే, అయినా 0.01 తేడా ఉంది.

ఏది వాడాలన్నది నియమాలను బట్టి ఉంటుంది. ఐరోపా ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిస్ ప్రమాణమైన ఈఎన్ 16931, ఒక్కో రేటు వర్గం మొత్తం విలువ మీద పన్ను లెక్కించి అప్పుడే సవరించమంటుంది. లైను వారీగా లెక్కించే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. అందువల్ల ఒక పద్ధతిలో కుదరకపోతే రెండో పద్ధతిలో చూడాలి. దానిలో కుదిరితే అది తప్పు కాదు, పద్ధతి తేడా. అదే సరఫరాదారు పాత బిల్లులు ఉంటే వారు ఏ పద్ధతి వాడుతున్నారో వాటిలో తెలుస్తుంది.

ఎంత తేడాను వదిలేయొచ్చు అన్నదానికి చాలాచోట్ల ఒక స్థిరమైన మొత్తం పెట్టుకుంటారు. అంతకన్నా మెరుగైన హద్దు లైన్ల సంఖ్య నుంచి వస్తుంది. ఒక్కో సవరణలో 0.005 కన్నా ఎక్కువ తప్పు రాదు. మూడు లైన్ల సవరణలు, మొత్తం మీద ఒకటి కలిపితే గరిష్ఠంగా 0.02. నలభై లైన్ల బిల్లులో అది 0.205 దాకా వెళ్లొచ్చు. పై నాలుగు లైన్ల బిల్లులో 83.16 తేడాను రౌండింగ్ అని ఎవరైనా వివరిస్తే ఆ వివరణ నిలబడదు. మరోవైపు మూడు లైన్ల బిల్లులో 0.10 తేడా చిన్నదిగా కనిపించినా, సవరణ వల్ల వచ్చేది కాదు. దశాంశంలో ఒక అంకెను తప్పుగా చదివారేమో చూడాలి.

## దశాంశ చుక్క, కామా

బయటి దేశాల నుంచి వచ్చే బిల్లుల్లో మరో చిక్కు ఉంటుంది. కొన్ని దేశాల్లో దశాంశానికి కామా, వేలను విడదీయడానికి చుక్క వాడతారు. అక్కడ 1.234,50 అంటే వెయ్యిన్నీ రెండు వందల ముప్పై నాలుగున్నర. మసక ఫోటోలో చుక్కకూ కామాకూ తేడా తెలియదు. అలా పొరబడితే వచ్చే తప్పు సాధారణంగా వంద రెట్లో వెయ్యి రెట్లో ఉంటుంది, అందువల్ల ఒకటి ఇంకొకదానితో భాగించగానే 100 లేదా 1,000 అని తేలిపోతుంది. లక్షల పద్ధతిలో రాసిన 1,23,456, మిలియన్ల పద్ధతిలో రాసిన 123,456 ఒకే విలువ. ఎక్కించేటప్పుడు కామాలు వదిలేసి, దశాంశ చుక్క మాత్రమే ఉంచితే ఈ గొడవ ఉండదు.

## లెక్క కుదిరినా తెలియనివి

అంకెలన్నీ ఒకదానితో ఒకటి కుదిరాయంటే బిల్లు లోపల పొందిక ఉందని మాత్రమే అర్థం. పది పంపి పన్నెండు అని రాసి, పన్నెండుతోనే గుణించి, పన్ను కూడా దాని మీదే వేస్తే లెక్కలో ఏ తప్పూ దొరకదు. దాన్ని కొనుగోలు ఆర్డరుతోనూ, సరుకు అందినప్పుడు రాసుకున్న పరిమాణంతోనూ పోల్చాలి. వస్తువుకు వర్తించని రేటు వేసినా గుణకారం సరిగానే ఉంటుంది. ఎవరైనా ఫోటోను ఉద్దేశపూర్వకంగా మార్చి, మొత్తాలు కూడా కుదిరేలా సరిచేసినా ఈ పరీక్షలు పట్టుకోలేవు. ముఖ్యంగా బ్యాంకు ఖాతా వివరాలు మారినట్టు కనిపిస్తే, ముందునుంచి తెలిసిన నంబరుకు ఫోన్ చేసి అడగాలి. ఆ బిల్లు మీదున్న నంబరుకు చేస్తే ఉపయోగం లేదు.

ఇక తప్పు బిల్లుదేనని తేలితే, అందుకున్నవారు తమంతట తాము సరైన మొత్తం లెక్కగట్టి చెల్లించి ఊరుకోవడం సరిపోదు. చాలా వ్యాట్ తరహా వ్యవస్థల్లో బిల్లు మీద ఎక్కువ పన్ను చూపినవారు ఆ మొత్తానికి ప్రభుత్వానికి బాధ్యులవుతారు. కొన్నవారికి మాత్రం ఆ ఎక్కువ భాగం క్రెడిట్‌గా దక్కకపోవచ్చు. అందుకే సరిదిద్దిన ఇన్‌వాయిస్ గానీ క్రెడిట్ నోట్ గానీ అడగాలి. అడిగేటప్పుడు ‘మీ లెక్క తప్పింది’ అని రాస్తే ఉత్తరప్రత్యుత్తరాలు సాగుతూనే ఉంటాయి. పై బిల్లు విషయంలో రాయాల్సింది ఇంతే: 18 శాతం పన్ను 1,583.00ను డిస్కౌంట్‌కు ముందున్న 8,794.42 మీద వేశారు, డిస్కౌంట్ తర్వాత విలువ 8,354.70, దాని మీద పన్ను 1,503.85, 5 శాతం పన్ను కూడా 80.25కు బదులు 76.24 కావాలి, చెల్లించాల్సిన మొత్తం 11,459.54. దానితోపాటు అసలు ఫోటోను, మెసేజింగ్ యాప్‌లో కుదించుకుపోయిన కాపీ కాకుండా కెమెరా ఫైలునే, జతచేయాలి. అప్పుడు రెండు వైపులా చూసేది ఒకే అంకెలు అవుతాయి.